మార్కులు దిద్దారు, మెమో దిద్దలేదు

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ పరీక్షల రీవాల్యుయేషన్ గురించి పత్రికల్లో వచ్చే చర్చంతా ఫీజుల దగ్గర, మార్కులు పెరుగుతాయా లేదా అన్న దగ్గర ఆగిపోతోంది. మార్కులు పెరిగాక కొత్త మెమో ఎలా వస్తోందో ఎవరూ పట్టించుకోవడం లేదు. మా ఇంట్లో జరిగింది చెబితే సంగతి అర్థమవుతుంది.

మా అమ్మాయి బీఎస్సీ మూడో సెమిస్టర్ పరీక్షలు నవంబరులో రాసింది. కెమిస్ట్రీలో 75కి 23 వేశారు. పాస్ కావాలంటే 30 రావాలి. ఇంటర్నల్స్ 20 కలిపి 43, ఎదురుగా ఎఫ్ గ్రేడు. ఎప్పుడూ తప్పని పిల్ల. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టి, దాంతోపాటు జవాబుపత్రం నకలు కూడా అడిగాం. దిద్దిన జవాబుపత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని, సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

నకలు వచ్చాక చాపమీద పరిచి ఒక్కో పేజీ చూశాం. లోపల చివరి పది మార్కుల ప్రశ్నకు ఎర్ర సిరాతో 8 వేసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. మొదటి పేజీలో మార్కులు ఎక్కించే పట్టికలో మాత్రం ఆ ప్రశ్న గడి ఖాళీ. జవాబు దిద్దారు, కూడికలో కలపలేదు. 23కి 8 కలిపితే 31, పాసు. ఇలాంటి తప్పుకు రీకౌంటింగ్ సరిపోతుంది. జవాబుకు తక్కువ మార్కులు వేశారనిపిస్తేనే రీవాల్యుయేషన్. నకలు చేతికి రాకముందే రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే పిల్లలు భయపడి ఎక్కువ ఫీజుదే కడతారు. మేమూ అదే చేశాం.

ఫలితం మాత్రం ఏప్రిల్లో వచ్చింది. ఈలోగా మార్చిలో సప్లిమెంటరీ పెట్టారు. రాకపోతే ఏమిటన్న టెన్షన్‌తో దానికీ ఫీజు కట్టి రాసింది. వెబ్‌సైట్లో 51 చూసుకుని, పీడ వదిలిందనుకున్నాం.

అసలు తంటా కొత్త మెమోతో మొదలైంది. పాత మెమో కాలేజీలో అప్పగించి కొత్తది తీసుకుంటే కెమిస్ట్రీ ఎదురుగా 51, పాస్ గ్రేడు బాగానే ఉన్నాయి. కింద ఆ సెమిస్టర్ మొత్తానికి సగటు గ్రేడు పాయింట్లు చూపే ఎస్‌జీపీఏ మాత్రం పాత 6.2 అలాగే ఉంది. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి 4 క్రెడిట్లు, మొత్తం 20. ఎఫ్‌కు సున్నా పాయింట్లు, కొత్త గ్రేడుకు 5. అంటే నాలుగైదులు 20 కలవాలి, 20తో భాగిస్తే సరిగ్గా ఒకటి పెరగాలి. 7.2 రావాలి. సబ్జెక్టు వరసలో మార్కు మార్చారే గానీ కింద లెక్క మళ్లీ కట్టలేదు. కొత్త మెమో అందుకున్న ప్రతివారూ కాలేజీ కౌంటర్ దగ్గరే ఈ కూడిక వేసి చూసుకోవాలి. ఇంటికొచ్చాక చూస్తే మళ్లీ అర్జీ, మళ్లీ తిరుగుడు.

రెండోది ఇంకా బాధాకరం. పాసైన నెల, సంవత్సరం దగ్గర మార్చి అని అచ్చయింది. ఆమె పాసైంది నవంబరులో రాసిన పేపరుతో. మార్చి అని ఉంటే, ఒకసారి తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కినట్టు లెక్క. రేపు పీజీ సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర ఎవరైనా అడిగితే పిల్ల ఏం చెప్పాలి? కూడిక తప్పింది దిద్దినవారిది, మచ్చ మిగిలింది దీనికా?

ఈ సవరణ కోసం రావులపాలెంలో బస్సు మారుతూ విశ్వవిద్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. కొబ్బరి దింపు పని ఆపుకుని వెళ్లిన రోజులవి. అక్కడి గుమాస్తా మంచిగానే మాట్లాడాడు. "రీవాల్యుయేషన్, సప్లిమెంటరీ రెండూ ఒకేసారి ఎక్కాయండి, కంప్యూటర్ తర్వాతి నెల తీసుకుంది" అన్నాడు. అదే నిజమైతే మా అమ్మాయి ఒక్కతే కాదు, భయంతో రెండూ కట్టిన పిల్లలందరి మెమోలూ ఇలాగే వచ్చి ఉంటాయి.

అందుకే విశ్వవిద్యాలయాలను కోరేది ఇది. రీవాల్యుయేషన్ ఫలితం సప్లిమెంటరీ ఫీజు గడువుకు ముందే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే, పాసైన పిల్లల సప్లిమెంటరీ ఫీజు వెనక్కివ్వాలి. కొత్త మెమోలో మొదట రాసిన పరీక్ష నెలే ఉండాలి, ఎస్‌జీపీఏ మళ్లీ లెక్కగట్టాలి. పాత మెమో నంబరు రద్దుచేసి, డిజిలాకర్‌లోనూ పాతది తీసి కొత్తది పెట్టాలి. మా అమ్మాయికి కాగితం మారినా డిజిలాకర్‌లో ఇంకా ఎఫ్ గ్రేడే కనిపిస్తోంది. పీజీ కౌన్సెలింగ్‌కు ముందు అది మారుతుందేమోనని రోజూ తెరిచి చూస్తోంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
అంబాజీపేట, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా