ఆషాఢంలో ఆగిపోయిన బీమా: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి,

అమలాపురం నుంచి ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

మా కోనసీమలో నా వంటివారి సంపాదన ముహూర్తాలను బట్టి నడుస్తుంది. మాఘంలోనో వైశాఖంలోనో ఒక్క నెలలో వచ్చే డబ్బు, పెళ్లిళ్లు లేని పుష్యమాసంలోనూ మూఢంలోనూ ఇల్లు గడవడానికి సరిపోవాలి. ఆల్బమ్ అందించాక రావలసిన బాకీ చాలాసార్లు రెండు మూడు నెలలు ఆలస్యమవుతుంది.

రేషన్ కార్డు లేని మా కుటుంబానికి 2023 జూన్‌లో ఆరోగ్య బీమా తీసుకుని, ఏడాది ప్రీమియం ఒక్కసారి కట్టలేక నెలవారీ వాయిదాలు ఎంచుకున్నాను. బరువైన సంచులు మోసి మోసి నాకు హెర్నియా వచ్చింది. ఈ ఆపరేషన్‌కు మా పాలసీలో రెండేళ్ల నిరీక్షణ ఉంది, అంతవరకు బీమా డబ్బు రాదు కనుక, 2025లో అది పూర్తయ్యాక, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో చేయించుకోవాలని ముందే నిశ్చయించుకున్నాను. సెలవు పెట్టుకోగల నెల నాకు అదొక్కటే. ఆ ఏడాది మూఢం కూడా ముందే తగులుకోవడంతో జూలై వాయిదా రోజున ఖాతాలో డబ్బు లేదు. నెలవారీ వాయిదాకు గడువు దాటాక ఇచ్చే వెసులుబాటు పదిహేను రోజులే; బాకీ డబ్బు చేతికి వచ్చేసరికి అదీ దాటిపోయి పాలసీ రద్దయింది. వాయిదా తిరిగి వెళ్లినందుకు బ్యాంకు విడిగా రుసుము పట్టుకుంది. కొత్త పాలసీ తీసుకుంటే హెర్నియాకు రెండేళ్ల లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఈ శ్రావణంలోనూ బెల్టు బిగించుకునే పెళ్లిళ్లకు వెళ్లాను.

ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవారికి ముప్పై రోజుల వెసులుబాటు ఉండగా, ఒకేసారి కట్టలేని మాకు అందులో సగమే ఉండడం న్యాయమా అని అడుగుతున్నాను. సంపాదన ఉన్న నెలలనే వాయిదా నెలలుగా ఎంచుకునే వీలు, ఆలస్యమైతే అరవై రోజుల వరకు పాత నిరీక్షణ కాలం చెల్లకుండా పోని రక్షణ బీమా నియంత్రణ సంస్థ ద్వారా కల్పించండి. ఇది అసాధ్యమేమీ కాదు. మీ శాఖ పరిధిలోని అటల్ పెన్షన్ యోజనలో మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి కట్టవచ్చు. జాతీయ పెన్షన్ పథకంలోనైతే ఏడాదిలో ఎప్పుడు వీలైతే అప్పుడు జమ చేసుకోవచ్చు. ముసలితనం కోసం చేసే పొదుపుకు ఇచ్చిన ఆ వెసులుబాటు, రేపటి ఆపరేషన్ కోసం కట్టే ప్రీమియానికి ఎందుకు ఇవ్వకూడదు?

ఇక సెలవు సంగతి. ఆపరేషన్ తరవాత కొన్ని వారాలు బరువులెత్తవద్దని డాక్టరు చెప్పారు. ఆ రోజుల్లో మందుల ఖర్చు కంటే ఇంటి ఖర్చే నన్ను భయపెడుతోంది. 2019లో మా ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ రోగులకు శస్త్రచికిత్స తరవాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే ఏర్పాటు మొదలైంది. ప్రీమియం కట్టే స్వయం ఉపాధి కుటుంబాలకూ అటువంటి చెల్లింపును పాలసీలోనే భాగంగా చేర్చాలని, రాబోయే ఆషాఢానికి ముందే దీనిపై ఉత్తర్వులు వెలువడేలా చూడాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్, అమలాపురం