మీ లైసెన్స్ అనువాదాల్లో ఇకపై ‘క్లాస్ B’ ఎందుకు కనిపించదు

“నా కార్డు మీద LMV అని ఉంది కదండీ, పోయినసారి మా బావగారి అనువాదంలో క్లాస్ B అని రాశారు, నాకెందుకు రాయలేదు? కారు అద్దెకిచ్చే కౌంటర్‌లో B ఎక్కడ అని అడుగుతున్నారు.”

ఈ ప్రశ్న పోయిన నెల ఒక వినియోగదారు పంపారు. మీ బావగారికి మేము అలా రాయడం పొరపాటు, మీకు రాయకపోవడం సరైన పని. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఈ చిన్న కార్యాలయం నుంచి తెలుగు కుటుంబాలకు లైసెన్స్ అనువాదాలు చేయించి ఇస్తున్నంత కాలమూ, ఆంగ్లంలో ఉన్న భారతీయ కార్డును మా ప్రమాణ అనువాదకురాలు జర్మన్‌లోకి మార్చి ముద్ర వేసే ముందు, వాహనాల పట్టికలో తేలిక మోటారు వాహనాన్ని సూచించే LMV పక్కన యూరప్‌లోని కార్ల తరగతి B అనీ, ద్విచక్ర వాహనాల MCWG పక్కన అక్కడి మోటారు సైకిళ్ల తరగతి A అనీ చేర్చి ఇచ్చేవాళ్లం. కౌంటర్‌లో ఉన్నవారికి వెంటనే అర్థమవుతుందన్న సదుద్దేశంతోనే ఆ పని చేశాము. అయితే కార్డు మీద లేని అక్షరాన్ని ఉన్నట్లుగా ముద్ర కింద చూపడం అనువాదం కాదు. ఆ సంగతిని మేము ఆలస్యంగా గ్రహించాము.

ఆ రెండు కోడ్‌ల మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. 1988 నాటి భారత మోటారు వాహనాల చట్టంలో తేలిక మోటారు వాహనానికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం బరువు పరిమితి 7,500 కిలోలు. రవాణా వాహనమైతే సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువును, కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరు అయితే ఖాళీ బరువును లెక్కలోకి తీసుకుంటారు. యూరప్‌లోని B తరగతికి పరిమితి సరుకుతో కలిపి 3,500 కిలోలు, డ్రైవరు కాక ఎనిమిది మంది ప్రయాణికులు. 3,500 దాటి 7,500 కిలోల వరకు ఉండే వాహనాలకు అక్కడ C1 అనే వేరే తరగతి ఉంది. అంటే మన LMV సంపూర్ణంగా B కాదు, సంపూర్ణంగా C1 కూడా కాదు; రెండింటిలోనూ కొంత కొంత కలిసిన మరో విభజన అది. జర్మనీలోనే 1999కు ముందు ఇచ్చిన పాత మూడో తరగతి లైసెన్స్‌తో ఏడున్నర టన్నుల లారీ దాకా నడిపేవారు కాబట్టి, మన LMVకి దగ్గరి పోలిక నిజానికి ఆ పాత తరగతే. ద్విచక్ర వాహనాల్లోనూ ఇదే చిక్కు ఉంది. MCWG అంటే గేర్లున్న మోటారు సైకిలు అని మాత్రమే. యూరప్‌లో ఇంజను శక్తిని బట్టి A1, A2, A అని మూడు మెట్లు ఉన్నాయి, మన కార్డు ఆ మెట్ల గురించి ఏమీ చెప్పదు.

ఈ తేడా వల్ల నష్టం రెండు వైపులా జరుగుతుంది. ఇల్లు మారుతున్న ఒక వినియోగదారు సామాను కోసం ఏడున్నర టన్నుల వాహనం అడిగితే, మా అనువాదంలో B అని చూసి కౌంటర్‌లో 3.5 టన్నుల వాహనం మాత్రమే ఇస్తామన్నారు. తన భారతీయ కార్డు ఏం అనుమతిస్తుందో చెప్పుకునే అవకాశం ఆయనకు లేకుండా పోయింది, ఎందుకంటే ముద్ర వేసిన మా కాగితమే ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడింది. దీనికి విరుద్ధంగా జరిగితే ప్రమాదం మరింత పెద్దది. మేము ఇచ్చిన సమాన తరగతిని నమ్మి వాహనం ఇచ్చాక ప్రమాదం జరిగితే, బీమా సంస్థ అసలు కార్డు తెప్పించి చూసినప్పుడు అక్కడ ఆ అక్షరం కనిపించదు. అప్పుడు ఆ పరిహారం చిక్కులో పడేది మీరు.

ఇకపై మా అనువాదంలో కోడ్ కార్డు మీద ఉన్న అక్షరాలతోనే ఉంటుంది, దాని పక్కన జర్మన్‌లో పూర్తి అర్థం ఉంటుంది, కింద అనువాదకురాలి గమనికగా చట్టంలోని బరువు పరిమితి ఉంటుంది. సమానమైన తరగతి ఏదో నిర్ణయించే పని కౌంటర్‌కు, బీమా సంస్థకు, లైసెన్స్ కార్యాలయానికి వదిలేస్తాము. మీలో కొందరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో B గడి దగ్గర ముద్ర ఉందని చూపిస్తున్నారు. అది సరైనదే. అక్కడ ఆ ముద్ర వేసింది 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం కింద అధికారం ఉన్న రవాణా శాఖ. ఆ అధికారం అనువాదకులకు లేదు.

ఇంతకన్నా ఎక్కువ మందికి తగిలే విషయం తేదీలది. మన కొత్త నమూనా కార్డు ముందువైపు ‘ఇష్యూ డేట్’, ‘డేట్ ఆఫ్ ఫస్ట్ ఇష్యూ’ అని రెండు వేర్వేరు తేదీలు ఉంటాయి. వెనకవైపు పట్టికలో ఒక్కో వాహన విభాగానికి మళ్లీ ఒక్కో తేదీ ఉంటుంది. ఫలానా తేదీన ఇచ్చారు అనే ఒకే మాట ఈ మూడింటికీ వాడితే చదివేవారు తికమకపడతారు. మొన్న వచ్చిన ఒక కార్డునే చూడండి. అందులో ఇష్యూ డేట్ 14-06-2021, మొదటి ఇష్యూ 22-09-2009. వెనక పట్టికలో MCWG ఎదురుగా 22-09-2009, LMV ఎదురుగా 05-03-2018 ఉన్నాయి. ఆ అన్నగారు పద్దెనిమిదేళ్లకు బండి లైసెన్స్ తీసుకున్నారు, ఉద్యోగం వచ్చాక కారుకు జతచేయించుకున్నారు, చిరునామా మారినప్పుడు కార్డు మళ్లీ ముద్రించుకున్నారు. ముందువైపు ఫొటో మాత్రమే చూసి అనువదిస్తే, 2021ని తీసుకున్న బీమా ఉద్యోగి ఆయనను కొత్త డ్రైవరుగా లెక్కవేస్తారు. 2009ని తీసుకున్నవారు కారు నడపడంలో ఆయనకు దాదాపు ఎనిమిదిన్నరేళ్ల అనుభవాన్ని అదనంగా కలుపుతారు. కారు బీమాకు కావలసిన తేదీ 05-03-2018, అది కార్డు వెనక ఉంది. అందువల్ల మా కాగితంలో ఇప్పుడు ‘ఈ కార్డు ముద్రించిన తేదీ’, ‘మొట్టమొదటి లైసెన్స్ తేదీ’, ‘ఈ విభాగం చేర్చిన తేదీ’ అని మూడు వేరు వేరు పేర్లు పెట్టాము. తక్కువ అనుభవం కనిపిస్తుంది కాబట్టి 2018ని వదిలేయమని ఎవరైనా అడిగితే మేము ఒప్పుకోలేము.

చెల్లుబాటు తేదీలో కూడా NT, TR అని రెండు గడులు ఉంటాయి. మొదటిది సొంత వాహనాలకు, రెండోది రవాణా వాహనాలకు. ఒకప్పుడు క్యాబ్ నడిపిన ఒకరి కార్డులో TR గడువు ముగిసి ఉంది, NTకి ఇంకా చాలా ఏళ్లుంది. కౌంటర్‌లోని అమ్మాయి ముగిసిన తేదీని చూసి లైసెన్స్ చెల్లదన్నారు. మా అనువాదం ఆ రెండు అక్షరాలను విడమర్చి చెప్పి ఉంటే ఆమెకు ఆ అనుమానం వచ్చేది కాదు. ఇప్పుడు రెండూ పూర్తి మాటల్లో రాస్తున్నాము. ఏదైనా గడి ఖాళీగా ఉంటే ఖాళీగా ఉందని కూడా రాస్తున్నాము.

పేర్ల గురించి ఒక్క మాట. జర్మన్ పత్రాల్లో ఇంటిపేరు, సొంతపేరు వేరువేరు గడుల్లో ఉంటాయి. మన లైసెన్స్‌లో ఒకే గడి ఉంటుంది, అందులో ఇంటిపేరు ముందుండవచ్చు, వెనకుండవచ్చు, ఒక్క అక్షరంగా కుదించి ఉండవచ్చు. మేము ఊహించి విడదీసేవాళ్లం. ఇప్పుడు కార్డు మీద ఉన్న వరుసలోనే పూర్తి పేరు రాసి, మీరు పాస్‌పోర్టు ఫొటో కూడా పంపితే అందులో పేరు ఎలా విడదీశారో గమనికలో చెబుతున్నాము. తండ్రి పేరో భర్త పేరో ఉన్న వరుసకు అది ఎవరి పేరో స్పష్టంగా రాస్తున్నాము, ఎందుకంటే దాన్ని లైసెన్స్‌దారు రెండో పేరుగా చదివిన సందర్భాలు ఉన్నాయి.

ఇవన్నీ సరిగ్గా రావాలంటే మాకు రెండు వైపులా ఫొటోలు కావాలి. దయచేసి ఫ్లాష్ ఆపి, కార్డును బల్ల మీద పెట్టి, కిటికీ వెలుతురులో నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. చేత్తో పట్టుకుని లైటు కింద తీస్తే ప్లాస్టిక్ మెరుపు సరిగ్గా సంఖ్య మీదే పడి, 3 అనుకున్నది 8 అవుతుంది. లైసెన్స్ సంఖ్యలో ఒక్క అంకె అయినా స్పష్టంగా లేకపోతే ఇకపై మేము ఊహించము, మళ్లీ ఫొటో అడుగుతాము. సంఖ్య ముందు AP ఉన్నా, TS ఉన్నా దాన్ని మార్చము.

చివరగా, మా ఆదాయానికి నష్టమైనా చెప్పవలసిన విషయం ఒకటుంది. జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి భారతీయ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. ఏడాదికి మించి ఉండబోవడం లేదని చూపగలిగినవారు మాత్రం ఆ గడువును పొడిగించమని అడగవచ్చు. ఆ కాలం దాటాక ఎంత మంచి అనువాదం ఉన్నా దానితో ఇక్కడ కారు నడపకూడదు, జర్మన్ లైసెన్స్ కోసం రాతపరీక్ష, నడిపే పరీక్ష రెండూ రాయవలసిందే. అందువల్ల అద్దె కారు కోసం అనువాదం అడిగేవారిని మీరు ఇక్కడికి వచ్చి ఎంతకాలమైందని ముందే అడుగుతున్నాము. ఆరు నెలలు దాటిందంటే డబ్బు తీసుకోము. పరీక్షకు దరఖాస్తు చేసుకునేవారికి లైసెన్స్ కార్యాలయం అనువాదం కోరితే, ఆ పని ఎప్పటిలాగే చేసి ఇస్తాము.

మా నుంచి ఇదివరకు B లేదా A అని ఉన్న అనువాదం తీసుకున్నవారు ఆ కాగితాన్ని కౌంటర్‌లో గానీ బీమా సంస్థకు గానీ ఇవ్వకండి. కార్డు రెండు వైపులా ఫొటోలు, పాత అనువాదం ఫొటో పంపితే రుసుము లేకుండా కొత్తది చేయించి పోస్టులో పంపుతాము. ఇప్పటికే బీమా సంస్థకు పాతది ఇచ్చి ఉంటే ఆ విషయం మాకు చెప్పండి; ఏ గడిలో ఏం మారిందో తెలిపే ఒక చిన్న లేఖను అనువాదకురాలి సంతకంతో జతచేసి ఇస్తాము. ఇంటి సామాను వాహనం దొరక్క రెండుసార్లు తిరిగిన ఆ వినియోగదారుకు రుసుము తిరిగి ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన కొత్త అనువాదాన్ని ఇప్పటికే పంపించాము.