బంగారం లెక్కను 1974 డిసెంబరు నుంచి వేసి చూడండి

సంపాదకుల వారికి నమస్కారములు.

బంగారం ధర పెరిగిన ప్రతిసారీ 1970ల ప్రస్తావన వస్తోంది. 1971లో ఔన్సుకు 35 డాలర్ల అధికారిక ధర ఉన్న బంగారం 1980 జనవరి 21న లండన్‌లో 850 డాలర్లు పలికిందనీ, ఆ పదేళ్లూ అమెరికాలో ద్రవ్యోల్బణం తీవ్రంగా ఉందనీ, కనుక ధరలు పెరిగే కాలంలో బంగారం కొన్నవారికి నష్టమే ఉండదనీ చెబుతున్నారు. అంకెలు నిజమైనవే. వాటి నుంచి లాగుతున్న తీర్పు మాత్రం సరైనది కాదు. దాన్ని నమ్మి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సొమ్మును ఒక్కసారిగా బంగారంలో పెట్టేవారు ఉన్నారు గనుక ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మొదట ఆ 35 డాలర్ల సంగతి. అది కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ బేరమాడుకుని తేల్చిన ధర కాదు; 1930లలో అమెరికా ప్రభుత్వం నిర్ణయించగా, 1944లో బ్రెటన్ వుడ్స్ ఒప్పందం ప్రపంచ ద్రవ్య వ్యవస్థకు పునాదిగా నిలిపిన ధర. విదేశీ ప్రభుత్వాలు తెచ్చే డాలర్లకు ఆ రేటున బంగారం ఇవ్వడాన్ని 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ఆపివేశారు. ఆ తర్వాతి పెరుగుదలలో కొంత భాగం ద్రవ్యోల్బణం వల్ల వచ్చినదే అయినా, చాలా భాగం పాతికేళ్లకు పైగా కట్టిపెట్టిన ధర ఒక్కసారిగా కట్టు తెంచుకోవడం వల్ల వచ్చింది. ఇవాళ బంగారానికి అలాంటి కట్టు ఏదీ లేదు. కాబట్టి 35 దగ్గర మొదలయ్యే లెక్క ఈనాటి కొనుగోలుదారుకు వర్తించదు. పైగా ఆ రోజుల్లో సామాన్య అమెరికన్ పౌరుడు బంగారు కడ్డీలను పెట్టుబడిగా దాచుకోవడానికి చట్టం ఒప్పుకునేది కాదు.

1933 నుంచి ఉన్న ఆ నిషేధం 1974 డిసెంబరు 31న తొలగిపోయింది. న్యాయంగా లెక్క మొదలు కావలసిన రోజు అదే. అప్పటికి ఔన్సు ధర దాదాపు 195 డాలర్లు, అమెరికాలో ద్రవ్యోల్బణం ఏడాదికి 12 శాతానికి పైనే. "ద్రవ్యోల్బణం ఉంది, బంగారం కొను" అన్న సలహాకు అంతకంటే అనువైన ఘడియ ఉండదు. ఆ రోజున కొన్న మనిషి ఏమయ్యాడో చూద్దాం. ఇరవై నెలల తర్వాత, 1976 ఆగస్టు చివరికి, అతని ఔన్సు బంగారం సుమారు 104 డాలర్లకు పడిపోయింది. ఈలోగా సరుకుల ధరలు తగ్గలేదు. దాదాపు 10 శాతం పెరిగాయి. అంటే చేతిలో ఉన్న ఔన్సు విలువ డాలర్లలో సగానికి కాస్త పైన నిలిచినా, ఆ డాలర్లతో కొనగలిగే సరుకు మునుపటి దానిలో సగం కూడా లేదు. అదే సొమ్మును బ్యాంకులో ఉంచినవాడికి వడ్డీ ద్రవ్యోల్బణం కంటే తక్కువగా వచ్చి కొంత నష్టం కలిగిన మాట నిజమే కానీ, సగం పోలేదు.

ఎందుకిలా జరిగింది? నిషేధం తొలగితే అమెరికన్లు ఎగబడి కొంటారన్న అంచనాతో వర్తకులు ముందే కొని పెట్టుకున్నారు. ఆ కొనుగోళ్లే ధరను 195 వరకు తీసుకువెళ్లాయి. తీరా ఆ రోజు వచ్చాక అనుకున్నంత గిరాకీ కనిపించలేదు. 1975 జనవరిలో అమెరికా ఖజానా శాఖ 20 లక్షల ఔన్సులను వేలానికి పెడితే అందులో సగం కూడా అమ్ముడుపోలేదు. అంతర్జాతీయ ద్రవ్య నిధి కూడా తన నిల్వలో ఆరో వంతును, అంటే రెండున్నర కోట్ల ఔన్సులను, అమ్మాలని నిర్ణయించి 1976 జూన్‌లో వేలాలు మొదలుపెట్టింది. వీటన్నిటికంటే ముఖ్యమైన కారణం మరొకటుంది. ధరలు పెరుగుతూనే ఉన్నా, పెరిగే వేగం 12 శాతం నుంచి 6 శాతం లోపుకు దిగింది. బంగారం కొనేవాడు నిన్నటి ద్రవ్యోల్బణానికి వెల కట్టడు; రేపు డబ్బు ఇంకా ఎంత చెడిపోతుందోనన్న భయానికి కడతాడు. ఆ భయం కాస్త సడలగానే, ధరల సూచీ పైకి పోతుండగానే బంగారం కిందికి వచ్చింది.

దశాబ్దం చివర కూడా ఇదే కనిపిస్తుంది. 1979 అక్టోబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతి పాల్ వోల్కర్ ద్రవ్యోల్బణాన్ని అణచేందుకు కఠిన విధానం ప్రకటించినా మార్కెట్లు వెంటనే నమ్మలేదు. టెహ్రాన్‌లో బందీల సంక్షోభం, అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం తోడై 1980 జనవరిలో ధర 850కి చేరింది. అమెరికా ద్రవ్యోల్బణం శిఖరాన్ని, అంటే 14.8 శాతాన్ని, తాకింది మాత్రం ఆ తర్వాత రెండు నెలలకు, మార్చిలో. సరిగ్గా ఆ నెలలోనే బంగారం 500 డాలర్ల కిందికి దిగింది. 1981 మధ్యలో ద్రవ్యోల్బణం 10 శాతం దగ్గర ఉండగా బ్యాంకుల మధ్య ఒక రోజు అప్పుపై వడ్డీ 19 శాతం దాకా పోయింది. డబ్బును ఊరికే అప్పిచ్చి కూర్చున్నా ధరల పెరుగుదల పోగా 9 శాతం మిగులుతుంటే, వడ్డీ పుట్టని లోహాన్ని పట్టుకుని కూర్చునేవారు తగ్గిపోతారు. 1982 జూన్‌లో ధర 300 డాలర్ల దగ్గరకు జారింది. 850 మళ్లీ కనిపించింది 2008 జనవరిలో. అప్పటికి అమెరికాలో సాధారణ ధరలు సుమారు 2.7 రెట్లు అయ్యాయి గనుక, శిఖరాన కొని ఇరవై ఎనిమిదేళ్లు ఓపిక పట్టినవాడికి అసలు కొనుగోలు శక్తిలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే దక్కింది.

ఇటీవలి అనుభవం దీన్నే బలపరుస్తోంది. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి, నలభై ఏళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుకు, చేరింది. అదే ఏడాది మార్చిలో 2,000 డాలర్లు దాటిన బంగారం వడ్డీ రేట్లు వరసగా పెరగడంతో శరత్కాలానికి 1,650 కిందికి తగ్గింది. 2025 అక్టోబరులో 4,000 దాటినప్పుడేమో ద్రవ్యోల్బణం 3 శాతం దగ్గరే ఉంది. 2025 నాటి ఈ పరుగును వడ్డీ లెక్క ఒక్కటే వివరించలేదు. 2022లో రష్యాకు చెందిన విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, పరాయి ప్రభుత్వం చేతిలో లేని ఆస్తి కావాలని పలు దేశాల కేంద్ర బ్యాంకులు భావించాయి. 2022, 2023, 2024లలో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. 1970లలో ఖజానాలు అమ్మేవైపు నిలిచాయి, ఇప్పుడు కొనేవైపు నిలిచాయి. నా దృష్టిలో అప్పటికీ ఇప్పటికీ ఉన్న అతి పెద్ద తేడా ఇదే. ఈ కొనుగోళ్లు మందగిస్తే ధరకు ఉన్న ఊతం ఎంత మిగులుతుందో 1970ల గ్రాఫు చెప్పదు.

అందువల్ల మీ పత్రికకు ఒక విన్నపం. బంగారం మీద వ్యాసం ప్రచురించినప్పుడు 1971 నుంచి 1980 వరకు నిటారుగా లేచే గీతను ఒంటరిగా వేయకండి. 1974 డిసెంబరు నుంచి 1976 ఆగస్టు వరకు సాగిన పతనాన్ని, 1980 తర్వాతి ఇరవై ఎనిమిదేళ్లను కూడా చూపండి. ధరను ఆనాటి డాలర్లలోనే కాక కొనుగోలు శక్తిలోనూ ఇవ్వండి. దాని కిందనే ద్రవ్యోల్బణం పోగా మిగిలే వడ్డీ గీతను గీయండి. పాఠకుడు తన సొమ్ము గురించి నిర్ణయం తీసుకునే ముందు ఈ మూడింటినీ ఒకే పుటలో చూడగలగాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు