చార్జ్‌బ్యాక్‌కు జవాబు కోడ్‌ను చూసి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్‌లో కార్డుతో కొన్నవారు ఆ చెల్లింపుపై తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే సొమ్ము వ్యాపారి దగ్గర్నుంచి వెనక్కి పోతుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. చాలామంది చిన్న వ్యాపారులు ఇది తమ ఆన్‌లైన్ చెల్లింపులను నడిపే పేమెంట్ గేట్‌వే సంస్థ చేసిన పనే అనుకుని, కస్టమర్ కేర్‌తో వాదిస్తూ గడువు పోగొట్టుకుంటున్నారు. నిజానికి వివాదం లేవనెత్తేది కార్డు ఇచ్చిన బ్యాంకు. అది వీసా లాంటి కార్డు నెట్‌వర్క్ ద్వారా వ్యాపారి తరఫు బ్యాంకుకూ, అక్కణ్ణుంచి గేట్‌వేకూ వస్తుంది. గేట్‌వే సాధారణంగా ఆ మొత్తాన్ని, దానిపై రుసుమును కలిపి వ్యాపారికి సొమ్ము జమచేసే తర్వాతి సెటిల్‌మెంట్‌లో తగ్గించుకుంటుంది.

వ్యాపారి ముందుగా చూడాల్సింది కారణం కోడ్, అంటే ఫిర్యాదు ఎందుకో చెప్పే సంఖ్య. ఒక ఉదాహరణ తీసుకుందాం. చెప్పుల జత పంపారు, కొన్నాయన అందలేదన్నాడు. వీసా కార్డయితే కోడ్ 13.1 వస్తుంది. వ్యాపారి మాత్రం ఓటీపీతో చెల్లింపు జరిగిందన్న రుజువు పంపుతాడు. కేసు ఓడిపోతాడు. కార్డు వాడింది ఎవరన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఆ రుజువు పనికొచ్చేది 10.4కి, అంటే కార్డుదారు ‘ఆ చెల్లింపు నేను చేయలేదు’ అన్నప్పుడు. 13.1కి కావలసింది వస్తువు ఫలానా తేదీన, ఆర్డర్‌లో ఇచ్చిన చిరునామాకే చేరిందన్న కొరియర్ రికార్డు. సంతకం ఉంటే ఇంకా మంచిది. ఫిర్యాదుకు కార్డుదారుకు నెలల తరబడి గడువుంటుంది, కొరియర్ ట్రాకింగ్ పేజీ అన్నాళ్లు ఉండకపోవచ్చు. అందుకే డెలివరీ అయిన రోజే దాన్ని భద్రపరచుకోవాలి.

ఇంతకన్నా బాధాకరమైన పొరపాటు మరొకటి ఉంది. నోటీసు చూసి కంగారుపడి, కస్టమర్‌ను శాంతింపజేయాలని వ్యాపారి విడిగా రిఫండ్ ఇచ్చేస్తాడు. సొమ్ము అప్పటికే చార్జ్‌బ్యాక్‌లో పోయింది, ఇప్పుడు రెండోసారి పోతుంది. వివాదం తెరిచి ఉన్నంతకాలం రిఫండ్ ఇవ్వకూడదు. తప్పు తనదేనని తేలితే చార్జ్‌బ్యాక్‌ను ఒప్పుకుంటే చాలు. నోటీసుకు ముందే రిఫండ్ ఇచ్చి ఉంటే దాని తేదీ, మొత్తం, ఆ రిఫండ్‌ను గుర్తించే 23 అంకెల సంఖ్య ఏఆర్‌ఎన్ గడువులోగా పంపాలి.

ఇదంతా వ్యాపారి నేర్చుకోవాల్సిందే అని గేట్‌వే సంస్థలు చేతులు దులుపుకోవడం సరికాదు. ‘వివాదం నమోదైంది’ అన్న ఒక్క వాక్యంతో మెయిల్ పంపితే ఎవరికి ఏం తెలుస్తుంది? కోడ్ అర్థాన్ని, దానికి ఏ రుజువు కావాలో, ఆఖరి తేదీ ఏదో వ్యాపారికి తెలిసిన భాషలో అదే మెయిల్‌లో రాయాలి. వివాదంలో ఉన్న లావాదేవీకి డాష్‌బోర్డులో రిఫండ్ బటన్ పనిచేయకుండా ఆపాలి. ఈ రెండింటినీ నియంత్రణ సంస్థలు తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు