బకాయి అడిగే ఉత్తరంలో లెక్క ఉండాలి

సంపాదకుల వారికి, నమస్కారం.

మెయింటెనెన్స్ కట్టనివారి ఫ్లాట్ నంబర్లు రాసి లిఫ్ట్ పక్కన అతికించడం నగరంలోని చాలా అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది. వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టేవాళ్లున్నారు, నీళ్ల వాల్వ్ కట్టేసేవాళ్లూ ఉన్నారు. కూకట్‌పల్లిలో మా సంఘానికి కోశాధికారిగా ఉన్నాను కాబట్టి ఆ కోపం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. లిఫ్టుకూ మోటార్లకూ వచ్చే కరెంటు బిల్లు గడువు దాటనివ్వదు. వాచ్‌మన్ జీతం ఆపలేం. ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే ట్యాంకర్‌కు అప్పటికప్పుడు డబ్బు పెట్టాలి. ఒకరు కట్టకపోతే ఆ భారం పక్కవాళ్ల మీద పడుతుంది, లేదా కార్పస్ ఫండ్‌లోంచి తీయాల్సి వస్తుంది. అయినా పరువు తీసి వసూలు చేయడం తప్పే. నీళ్లు ఆపితే కోర్టు మెట్లెక్కేది బకాయిదారుడు, సంజాయిషీ చెప్పుకోవాల్సింది సంఘం. చేయాల్సిన పని ఒక మంచి ఉత్తరం రాయడం. అలాంటి ఉత్తరం ఎలా ఉండాలో మా దగ్గర జరిగిన ఒక వ్యవహారంతో చెబుతాను.

మా దగ్గర నెలకు 3,000 రూపాయలు. నాలుగో అంతస్తులో ఉండే ఒక పెద్దాయన ఏప్రిల్ నుంచి జనవరి వరకు కట్టలేదని మా పుస్తకంలో ఉంది. పది నెలలకు 30,000. ఉత్తరం రాసే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్‌ను వరుసగా చూశాను. ఆగస్టులో 6,000 రూపాయలు యూపీఐలో వచ్చి ఉన్నాయి. ఫ్లాట్ నంబరు లేదు, పంపినవారి పేరు మా జాబితాలో లేదు. విచారిస్తే అది ఆయన కోడలి ఖాతా. ఆ చెల్లింపును చూడకుండా 30,000 అని రాసి ఉంటే, ఆయన ఒక్క రసీదు చూపించి మొత్తం ఉత్తరాన్ని కొట్టిపారేసేవారు. ఏ నెలకని పంపినవారు చెప్పకపోతే పాత బాకీకి జమ వేసుకునే వీలు కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. అందుకే ఆ 6,000 ఏప్రిల్, మే నెలలకు వేశాం. జూన్ నుంచి జనవరి వరకు ఎనిమిది నెలలు, 24,000 మిగిలింది.

వడ్డీ వేయాలని కమిటీలో కొందరు పట్టుబట్టారు. నేను మినిట్స్ పుస్తకం తెరిచి చూపించాను. ఆలస్య రుసుము గురించి బైలాలో లేదు, జనరల్ బాడీ తీర్మానమూ లేదు. లేనిదాన్ని కలిపితే అసలు బాకీ కూడా వివాదంలో పడుతుంది. కావాలంటే వచ్చే జనరల్ బాడీలో తీర్మానం చేసుకుని, అప్పటి నుంచి వేసుకోవాలి.

ఇక ఆయన ఎందుకు కట్టలేదు? బాత్రూం సీలింగ్‌లో చెమ్మ. నెలల తరబడి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని ఆయన కోపం. ఇలాంటి చెమ్మ పై ఫ్లాట్ బాత్రూం నేలలోంచి దిగితే బాగుచేయాల్సింది సాధారణంగా పై ఫ్లాటువారే, షాఫ్టులో ఉండే ఉమ్మడి పైపులోంచి వస్తే సంఘం. ఏదో తేల్చకుండా ఉత్తరం రాస్తే గొడవ పెరుగుతుంది. ప్లంబర్ పై బాత్రూంలో నహానీ ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచాడు. కింద సీలింగ్‌లో తడి పెరగలేదు. తర్వాత ట్రాప్ తెరిచి నీళ్లు వదిలితే, షాఫ్టులో పైపు జాయింటు దగ్గర నుంచి కారడం కళ్లారా కనిపించింది. అంటే అది సంఘం చేయించాల్సిన పని.

అప్పుడు ఆయనకు ఇలా రాశాను:

"గౌరవనీయులైన మీకు నమస్కారం. మీ ఫ్లాటుకు సంబంధించి జూన్ నుంచి జనవరి వరకు ఎనిమిది నెలల మెయింటెనెన్స్ రూ.24,000 రావలసి ఉంది. ఆగస్టులో మీ ఇంటి నుంచి అందిన రూ.6,000ను ఏప్రిల్, మే నెలలకు జమ చేశాం. నెలవారీ లెక్క దీనితో జతచేశాను. ఇందులో ఏదైనా తప్పుంటే రసీదుతో తెలియజేయండి, వెంటనే సరిదిద్దుతాను. మీ బాత్రూం చెమ్మ ఉమ్మడి పైపు వల్లేనని తేలింది. దాని మరమ్మతు ఈ నెల 20లోగా సంఘం ఖర్చుతో చేయిస్తాం. మరమ్మతు మా బాధ్యత, మెయింటెనెన్స్ మీ బాధ్యత. ఒకదాని కోసం ఇంకొకటి ఆపడం సబబు కాదని సవినయంగా మనవి. ఈ నెలాఖరులోగా మొత్తం చెల్లించండి. ఒకేసారి వీలుకాకపోతే మూడు వాయిదాలలో కడతామని సంతకం చేసి రాసివ్వండి. రెండూ జరగకపోతే, కమిటీ తీర్మానంతో లాయరు నోటీసు పంపక తప్పదు. ఈ విషయం మీకు, కమిటీకి మధ్యే ఉంటుంది."

ఇందులో సంతకం చేసి రాసివ్వమన్న మాట ఊరికే పెట్టింది కాదు. ఇలాంటి బాకీ కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. ఏ నెల బాకీకి ఆ నెల గడువు తేదీ నుంచి మూడేళ్లు లెక్క. మనం ఎన్ని గుర్తు ఉత్తరాలు రాసినా ఆ గడువు ఆగదు. గడువు ముగియకముందే అవతలివారు బాకీ ఉన్నమాట నిజమేనని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది. "పోనీలే, ఎప్పుడో కడతారు" అని అయిదారేళ్లు ఊరుకున్న సంఘాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి. మొహమాటం కొద్దీ నోటిమాటతో సరిపెట్టడం బకాయిదారుడికి చేసే మేలేమీ కాదు. మొత్తం పెరిగేకొద్దీ ఆయనకూ కట్టడం కష్టమే.

ఉత్తరం ఇంటికి వెళ్లి చేతికిచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపేవాణ్ణి. ఓనరు వేరే ఊళ్లో ఉండి అద్దెకున్నవారు కడుతున్న ఫ్లాట్లయితే ఉత్తరం ఓనరు పేరునే వెళ్లాలి. అద్దె ఒప్పందంలో ఎవరు కట్టాలని రాసుకున్నా, సంఘంలో సభ్యుడు ఓనరే. అద్దెకున్నవారిని గేటు దగ్గర నిలదీయడం అన్యాయం.

ఆ పెద్దాయన లెక్కంతా రెండుసార్లు చూసుకున్నారు. పైపు పని అయిన రోజు స్వయంగా వచ్చి చూసి, 24,000 బాకీ ఒప్పుకుంటూ మూడు నెలలు నెలకు 8,000 చొప్పున, ఆ నెల మెయింటెనెన్స్‌తో కలిపి కడతానని రాసిచ్చారు. మొదటి వాయిదా అందింది. ఆ 8,000తో జూన్, జూలై పూర్తిగా తీరాయి, ఆగస్టుకు 2,000 జమ అయ్యాయి. రసీదులో అలాగే నెలల పేర్లతో రాసిచ్చాను, ఆగస్టుకు ఇంకా వెయ్యి రావాలని కూడా.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి,
కూకట్‌పల్లి, హైదరాబాద్