జూన్ వరుస ఎందుకంత పొడవు?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల్ని పుట్టిన నెలల ప్రకారం వరుసల్లో నిలబెట్టి కమ్మీ చిత్రం, అంటే బార్ గ్రాఫ్, నేర్పించడం కొన్ని బడుల్లో చేస్తుంటారు. మా ఐదో తరగతిలో నేనూ చేయించాను. మొదటిసారి తప్పింది. ఫిబ్రవరి పిల్లలు ముగ్గురే, కానీ ఎడంగా నిలబడ్డారు. ఆగస్టు వాళ్లు నలుగురు, ఒకరి భుజం మీద ఒకరు పడుతూ నిలబడ్డారు. చూస్తే ఫిబ్రవరి వరుసే పొడవు! మర్నాడు సుద్దముక్కతో ఒక అడ్డగీత, దాని మీద ఒకే కొలత గళ్లు గీశాను. గడికి ఒక్కరే. ఏప్రిల్‌లో ఎవరూ లేరు, ఆ గళ్లు ఖాళీగానే వదిలేశాం.

అసలు విషయం అప్పుడు బయటపడింది. 34 మందిలో 9 మంది జూన్‌లోనే నిలబడ్డారు. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ కాగితం లేకపోతే, బడి తెరిచే నాటికి ఐదేళ్లు నిండేలా జూన్ తేదీ ఏదో ఒకటి రాసేయడం మన దగ్గర పాత అలవాటే. నేనూ రిజిస్టర్ చూసే నెలలు చెప్పాను మరి.

ఇంట్లో అడిగి రమ్మన్నాను. ఒక పాప "మా నానమ్మ సంక్రాంతికి పుట్టానంది టీచర్" అంటూ జనవరి వరుసలోకి వెళ్లింది. చివరికి జూన్‌లో మిగిలింది నలుగురు. ఇద్దరికి ఇంట్లోనూ తెలియలేదు. వాళ్లకోసం డిసెంబర్ పక్కన 'తెలియదు' అని పదమూడో వరుస గీశాం.

పాఠ్యపుస్తకంలోని కమ్మీ చిత్రాల్లోనూ ఆ వరుస ఒకటి ఉంటే బాగుంటుంది.

– ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు