పక్క శాఖ తాకట్టు వివరాలు మా మేనేజర్ల చేతికి ఇస్తున్న మీ రిపోర్టుపై ఫిర్యాదు

సేవా విభాగాధిపతి గారికి,

విషయం: గడువు మీరిన బంగారు రుణాల రిపోర్టులో ఒక శాఖ మేనేజరుకు మిగతా శాఖల ఖాతాదారుల వివరాలు కనిపించడం, జూన్ 19న మీరు పంపిన సవరణ తర్వాత కూడా లోపం మిగిలి ఉండడం.

అయ్యా,

మా పొదుపు, పరపతి సహకార సంఘానికి 11 శాఖలున్నాయి. నాలుగేళ్లుగా మీ సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాం. సంఘంలో కంప్యూటర్ల బాధ్యత నాది. ఈ విషయం ఫోన్లో ఇప్పటికి అయిదుసార్లు చెప్పాను. ఇక రాతపూర్వకంగా ఉండాలని ఈ లేఖ రాస్తున్నాను.

దీన్ని మొదట కనిపెట్టింది నేను కాదు, మా అన్నిటికన్నా చిన్న శాఖలోని ప్రింటరు. జూన్ 9న ఆ శాఖ మేనేజరు ఫోన్ చేసి, గడువు మీరిన రుణాల రిపోర్టు ముద్రిస్తే కాగితం కట్ట సగం అయిపోతోందని, ఇదేదో ప్రింటరు జబ్బేమో చూడమని అడిగారు. వెళ్లి చూస్తే 40 పేజీలు. ప్రతి పేజీ నెత్తినా ఆయన శాఖ పేరే ఉంది. కింద ఉన్న పేర్లలో మాత్రం నూటికి తొంభై ఆయన ఎన్నడూ వినని మనుషులవి. ఆ శాఖలో గడువు మీరిన ఖాతాలు 95. రిపోర్టులో 1,370 వరసలున్నాయి. ప్రతి వరసలో ఖాతాదారు పేరు, సెల్ నంబరు, నగల నికర బరువు, గడువు తేదీ, ఆ నగలు ఏ ప్యాకెట్లో ఉన్నాయో ఆ సంఖ్య!

అదే రోజు మీ సహాయ కేంద్రానికి తెలియజేశాను. జూన్ 12న జవాబు వచ్చింది. ఖాతా సంఖ్యలో మొదటి మూడంకెలు శాఖవి కాబట్టి, రిపోర్టును ఎక్సెల్‌లోకి దింపుకుని వాటితో ఫిల్టర్ చేసుకోవచ్చట. ఆ సలహా ఇచ్చి ఫిర్యాదును ‘పరిష్కరించాం’ అని మూసేశారు. ఇంటి తలుపుకు గడియ లేదంటే, లోపలికి వచ్చినవాళ్లను కళ్లు మూసుకోమని చెప్పినట్టుంది. చూడకూడనిదంతా మా మేనేజరు చేతిలో పెట్టి, అందులోంచి తనది మాత్రమే ఏరుకోమంటే దాన్ని ఫిల్టర్ అనరు.

రిపోర్టుల ఫైళ్లు మా సర్వర్లోనే ఉంటాయి కాబట్టి నేనే తెరిచి చదివాను. కొన్ని నిలువు వరసలు తగ్గించి ఇక్కడ ఇస్తున్నాను:

```sql
SELECT loan_no, cust_name, mobile, net_wt
FROM gold_loans
WHERE branch_id = :branch
  AND due_date < CURRENT_DATE
UNION ALL
SELECT loan_no, cust_name, mobile, net_wt
FROM gold_loans_npa
WHERE due_date < CURRENT_DATE;
```

కారణం ఇక్కడే కనిపిస్తోంది. పై సగంలో శాఖ షరతు ఉంది, కింది సగంలో లేదు. `UNION ALL` రెండు ఫలితాలను ఒకదాని కింద ఒకటి అతికిస్తుందే తప్ప, మొదటి దాని షరతును రెండో దానికి వర్తింపజేయదు. ఏప్రిల్ 2న మీరు వేసిన అప్‌డేట్‌కు ముందు ఈ క్వెరీలో పై సగమే ఉండేది. ఆ అప్‌డేట్‌లో, గడువు దాటి 90 రోజులైన ఖాతాలను మొండి బకాయిల పట్టికలోకి వేరు చేశారు. అవి రిపోర్టులోంచి మాయం కాకుండా కింది సగం చేర్చారు. చేర్చిన వ్యక్తికి శాఖ సంగతి గుర్తుకు రాలేదు. చిన్న శాఖ లెక్కే చూడండి: పై సగం నుంచి వాళ్లవి 58 ఖాతాలు సరిగ్గానే వచ్చాయి. కింది సగం నుంచి వాళ్లవి 37 రావాల్సింది, 11 శాఖలవీ కలిపి 1,312 వచ్చాయి.

ఇది 68 రోజులపాటు ఎవరికీ పట్టలేదంటే మా మేనేజర్ల తప్పు కొంత ఉంది. మొదటి రెండు పేజీల్లో తమ ఖాతాలు కనిపించగానే మిగతావి తిరగేయలేదు. కానీ మీ పరీక్షల్లో ఎందుకు దొరకలేదని మీ ఇంజినీరును అడిగితే, ప్రధాన కార్యాలయం లాగిన్‌తోనే పరీక్షించామన్నారు. ఆ లాగిన్‌కు అన్ని శాఖలూ కనిపించాలి కదా! దానితో చూస్తే ఈ లోపం లోపంలాగే ఉండదు. ఇద్దరు వేర్వేరు శాఖల మేనేజర్లుగా లాగిన్ అయి, ఇద్దరి జాబితాల్లోనూ ఒకే ఖాతా సంఖ్య ఉందేమో చూడాలి. ఒక్కటి ఉన్నా తప్పే. అయిదు నిమిషాల పని.

సహకార సంఘం సమాచారం సంఘం లోపలే తిరిగింది, బయటికి పోలేదు కదా అని మీ మేనేజరు ఒకరు అన్నారు. ఆయనకు బంగారం తాకట్టు సంగతి తెలియదని అర్థమైంది. మా వైపు మనిషి సొంత ఊళ్లో నగ కుదువ పెట్టడు. బస్సెక్కి 20 కిలోమీటర్లు పోయి పెడతాడు, ఊళ్లో తెలియకూడదని. పక్క ఊళ్లో శాఖ ఉండటమే మా వ్యాపారంలో సగం. మీ క్వెరీలో ఆ `branch_id` ఒక అంకె కావచ్చు, మా ఖాతాదారుకు అది పరువు.

జూన్ 16న ఒకావిడ ప్రధాన కార్యాలయానికి వచ్చారు. కూతురి కాలేజీ ఫీజు కోసం అత్తవారింట్లో చెప్పకుండా హారం తాకట్టు పెట్టారు, అదీ సొంత ఊరి శాఖలో కాకుండా వేరే శాఖలో. ఆమె పేరు మీ రిపోర్టు ద్వారా సొంత ఊరి శాఖ మేనేజరు కంటపడింది. ఆయన వసూలుకు సాయం చేస్తున్నాననుకుని, దారిలో కనిపించిన ఆమె మరిదితో వాయిదా దాటిందని చెప్పారు. ఆయనకు మేం మెమో ఇచ్చాం, అది మా ఇంటి సంగతి. ఆవిడ ఏమీ గొడవ చేయలేదు. బాకీ తీర్చి, నగ విడిపించుకుని, సభ్యత్వ పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆమెకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు.

ఇంకో ప్రమాదం గురించి పెద్దగా రాయడం మంచిది కాదు గనుక ఒక్క మాట చెప్తాను. ఆ జాబితాలో నికర బరువులు శాఖలవారీగా కూడితే ఏ ఊరి ఇనప్పెట్టెలో కనీసం ఎంత బంగారం ఉందో బయటపడుతుంది.

జూన్ 19న సవరణ పంపారు. అందుకు కృతజ్ఞతలు. కింది సగంలో కూడా `branch_id = :branch` చేర్చారు. చిన్న శాఖలో ఇప్పుడు మూడు పేజీలే వస్తున్నాయి. అయితే ఆ `:branch` విలువ ఎక్కడి నుంచి వస్తోందో చూశారా? బ్రౌజరు చిరునామా గడిలో నుంచి. `/reports/overdue?branch=7` అని ఉన్నచోట 7 తీసి 4 కొట్టి ఎంటర్ నొక్కాను. ఏడో శాఖ మేనేజరు లాగిన్‌లో నాలుగో శాఖ జాబితా మొత్తం వచ్చింది. మొదటి లోపంలో అక్కరలేని వివరాలు అడగకుండానే వచ్చేవి. ఇప్పుడు అడిగిన వాళ్లందరికీ వస్తున్నాయి.

మీ ఇంజినీరు దీనికి చెప్పిన కారణం కొంతవరకు నిజమే. మా దగ్గర సెలవుల్లో ఒక మేనేజరే రెండు శాఖలు చూస్తారు కాబట్టి శాఖను మార్చుకునే వీలు ఉంచామన్నారు. ఆ అవసరం ఉంది. కానీ ఎవరికి ఏ శాఖలు అప్పగించామో మీ `user_branches` పట్టికలో ఇప్పటికే నమోదవుతోంది. రిపోర్టు ఆ పట్టికను అడగాలి, బ్రౌజరును కాదు. లాగిన్ అయిన వ్యక్తి ఎవరన్నది సర్వరుకు తెలుసు:

```sql
AND branch_id IN (SELECT branch_id
                  FROM user_branches
                  WHERE user_id = :uid)
```

ఇక్కడ `:uid` లాగిన్ సెషన్ నుంచే రావాలి. మేనేజరు తన రెండు శాఖల్లో ఒకదాన్ని ఎంచుకోవాలంటే, ఆ ఎంపికకు తోడుగా ఈ షరతు కూడా ఉండాలి. అప్పుడు చిరునామాలో ఏ అంకె కొట్టినా తనవి కాని వరసలు రావు.

ఇంతటితో ఆగితే రేపు ఇంకో రిపోర్టు రాసే మరో ఇంజినీరు మళ్లీ మరిచిపోతారు. మీ సాఫ్ట్‌వేర్‌లో 60కి పైగా రిపోర్టులున్నాయి, ప్రతిదానిలో ఈ షరతును మనిషి గుర్తుపెట్టుకుని రాయాలి. అందుకే నా ప్రధానమైన కోరిక ఇది: కాపలాను క్వెరీలో కాకుండా పట్టికకే పెట్టండి. మీరు వాడే పోస్ట్‌గ్రెస్‌లో వరసల స్థాయి రక్షణ 2016లో వచ్చిన 9.5 నుంచీ ఉంది. పట్టికకు దాన్ని పెట్టి, అనుమతి నియమం ఒక్కసారి రాస్తే ఆ పట్టికను చదివే ప్రతి క్వెరీకీ అది వర్తిస్తుంది. నియమం రాయడం మరిచిపోతే మామూలు లాగిన్‌కు ఒక్క వరస కూడా రాదు. మరుపు వల్ల ఖాళీ కాగితం వస్తే మేం ఫోన్ చేస్తాం, మీరు సరిచేస్తారు. పక్క ఊరివాళ్ల పేర్లు వచ్చేకంటే అది వెయ్యి రెట్లు మేలు.

అయితే మీ సాఫ్ట్‌వేర్ డేటాబేసుకు `postgres` అనే లాగిన్‌తో కనెక్ట్ అవుతోంది. అది సూపర్‌యూజర్. ఆ లాగిన్‌కు ఈ రక్షణ అసలు వర్తించదు. పట్టిక యజమాని లాగిన్‌కు కూడా `FORCE ROW LEVEL SECURITY` పెడితే తప్ప వర్తించదు. కాబట్టి ముందు యజమాని కాని, తక్కువ అధికారాలున్న లాగిన్‌కు మారాలి. లేకపోతే నియమాలన్నీ రాసి, పని పూర్తయిందని చెప్పి, ఏమీ మారని స్థితిలో ఉంటాం. కనెక్షన్లు పంచుకునే ఏర్పాటు ఉంది గనుక, ఒక మేనేజరు గుర్తింపు తర్వాతి మేనేజరుకు అంటుకోకుండా ప్రతి లావాదేవీ మొదట్లో `SET LOCAL`తో పెట్టమని మనవి.

ఇక జరిగిన నష్టం లెక్క. ఎవరు ఏ రిపోర్టు తీశారో మీ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకోదు, లాగిన్ సమయం మాత్రమే ఉంచుతుంది. వెబ్ సర్వర్ లాగ్‌లు వెతికి, ఆ 68 రోజుల్లో తొమ్మిది శాఖల నుంచి 163 సార్లు ఈ రిపోర్టు తెరిచారని నేను తేల్చుకున్నాను. ముద్రించారా, దాచుకున్నారా అన్నది తెలియదు. శాఖల్లో ఉన్న కాగితాలు తెప్పించి చింపించాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూస్తే, పని మీకు అప్పగించినా ఖాతాదారులకు జవాబుదారీ మేమే. అందుకే ఏయే ఖాతాదారుల వివరాలు ఎన్నడు బయటపడ్డాయో మీ సంతకంతో ఒక నివేదిక కావాలి.

చిరునామాలో శాఖ అంకె మార్చే లోపాన్ని వారం రోజుల్లో సరిచేయండి. అప్పటిదాకా ఆ రిపోర్టును శాఖల్లో నేనే ఆపేశాను. మేనేజర్లు రోజూ తమ జాబితాను ప్రధాన కార్యాలయం నుంచి తెప్పించుకుంటున్నారు. మిగతా రిపోర్టులన్నీ ఇద్దరు వేర్వేరు శాఖల మేనేజర్ల లాగిన్లతో పరీక్షించి, ఫలితాలను జులై 15లోగా పంపండి. పట్టిక స్థాయి రక్షణకు ఎంత సమయం పడుతుందో మీరే చెప్పండి, తొందరపెట్టను. ఎక్సెల్ సలహాతో మూసేసిన ఫిర్యాదును మాత్రం ఈ రోజే తిరిగి తెరవండి.

ఈ ఏడాది నిర్వహణ రుసుములో రెండో వాయిదా జులైలో చెల్లించాలి. ఆ పరీక్షల ఫలితాలు చేతికి వచ్చేవరకు దాన్ని ఆపి ఉంచాలని మా పాలకవర్గం తీర్మానించింది. తీర్మానం ప్రతిని, 40 పేజీల రిపోర్టులో పేర్లు, నంబర్లు నల్లసిరాతో కొట్టేసిన మొదటి రెండు పేజీలను జతచేస్తున్నాను.

ఇట్లు,
కంప్యూటర్ విభాగం బాధ్యుడు,
ప్రధాన కార్యాలయం
జూన్ 23